నడక చూసి "వీడే" అంటే నమ్మేద్దామా?

"చీకట్లో మొహం కనబడలేదు సార్, కానీ ఆ నడక వాడిదే." ఊళ్లో కేసు అయిందంటే ఈ మాట ఎవరో ఒకరు అంటారు. గట్టు మీద దూరంగా వచ్చే మనిషిని నడకను బట్టి పోల్చుకోవడం మనకూ అలవాటే. అక్కడ పొరబడితే నవ్వుకుంటాం. కేసులో పొరబడితే ఒక మనిషి జైలుకు పోతాడు.

ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో 1996లో 94 ఏళ్ల ముసలమ్మను ఆమె ఇంట్లోనే చంపేశారు. కిటికీ అద్దం మీద చెవి ముద్ర దొరికింది. లోపల అలికిడి ఉందా అని దొంగ చెవి ఆనించి ఉంటాడనుకున్నారు. మార్క్ డల్లాగర్ అనే అతని చెవితో పోల్చిన డచ్ నిపుణుడు ముద్ర కచ్చితంగా అతనిదేనన్నాడు. 1998లో జీవిత ఖైదు పడింది. 2002లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్లీ విచారించమంది. తర్వాత, ఆ ముద్ర నుంచి తీసిన డీఎన్ఏ అతనిది కాదని తేలింది. 2004లో నిర్దోషిగా బయటపడ్డాడు.

ఎవరి చెవి వారిదే కావచ్చు. కానీ అద్దం మీద పడింది చెవి కాదు, చెవి నొక్కుడు. చెవి మెత్తనిది కదా, గట్టిగా ఆనిస్తే ఒక ఆకారం, మెల్లగా ఆనిస్తే ఇంకో ఆకారం. ఒకే మనిషి రెండుసార్లు ఆనించినా అచ్చం ఒకేలా రాదు. అందుకే పోల్చేవాడు కొంత తేడాను పట్టించుకోకుండా వదిలేయాలి. ఆ వదిలేసిన తేడాలో పక్కవాడి చెవి కూడా ఇమిడిపోతుంది.

నడక ఇంకా మెత్తని సాక్ష్యం. భుజాన కావడి ఉంటే ఒక నడక, కాల్లో ముల్లు దిగితే ఇంకొకటి, వాన బురదలో మరొకటి. ఎత్తున కట్టిన సీసీ కెమెరాలో అందరూ పొట్టిగానే కనబడతారు. చేతులకు కాయలున్నాయంటారా? గొడ్డలి పట్టే ఊళ్లో ఎవరికి లేవు!

ఒక లెక్క చూడండి. మండలంలో 20,000 మంది పెద్దవాళ్లు ఉన్నారనుకుందాం. "సన్నగా, పొట్టిగా, కొంచెం కుంటుతూ" అన్న పోలిక నూటికి ఒక్కరికి సరిపోయినా 200 మంది అవుతారు. సాక్షి అబద్ధం ఆడకపోయినా సరే, అది 200 మందిని చూపించే సాక్ష్యం. బాగా పొడుగు మనిషిని ఈ కేసులోంచి తప్పించడానికి అది పనికొస్తుంది. మిగిలినవాళ్లలో ఒకణ్ణి పట్టివ్వడానికి పనికిరాదు.

2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం వేలిముద్రలు, ఫొటోలతో పాటు "ప్రవర్తనా లక్షణాలు" కూడా తీసుకోవచ్చంటుంది. సంతకం, చేతిరాత పేర్లు రాశారు గానీ అక్కడితో ఆపలేదు. నడక కూడా అందులోకి వస్తుందని రేపు వాదించొచ్చు. రికార్డు 75 ఏళ్లు ఉంచుతారు.

అందుకే మన పిల్లవాడి మీద ఇలాంటి సాక్ష్యం వస్తే వకీలుతో ముందు ఈ ప్రశ్న అడిగించండి: ఆ నడక గురించి సాక్షి మొదటిరోజే చెప్పాడా, లేక వీణ్ణి పట్టుకున్నారని విన్నాక గుర్తొచ్చిందా? మొదటి వాంగ్మూలం కాపీ తీసుకుని తేదీ చూడండి.