బొమ్మ బాగుంది, బోర్డు మీద ఆ భాష ఏమిటి?

ఏఐతో వేయించిన వాటర్‌కలర్ వీధి బొమ్మలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాయి. పాత పెంకుటిల్లు, సాయంత్రం ఎండ, ముందు ఆగిన ఆటో... అన్నీ ముచ్చటగా ఉంటాయి. రెండు వేళ్లతో జూమ్ చేసి షాపు బోర్డు చూడండి. తలకట్లు ఉంటాయి, సున్నాలు ఉంటాయి, కింద ఒత్తుల్లాంటివి కూడా వేలాడుతుంటాయి. చదవబోతే మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. దూరం నుంచి తెలుగు, దగ్గరికెళ్తే ఏ భాషా కాదు.

ఈ మధ్య మా పిన్ని వాళ్ల టిఫిన్ సెంటర్ కోసం చెల్లి ఇలాంటి బొమ్మే చేయించింది. దాన్ని ఫ్లెక్సీ వేయించి షాపు ముందు కట్టాలని ప్లాన్. బోర్డు మీద ‘శ్రీ వెంకటేశ్వర టిఫిన్ సెంటర్’ అని రావాలి. ‘పదిసార్లు చేయించా అన్నయ్యా, ప్రతిసారీ కొత్త తప్పే వస్తోంది’ అంది. పదకొండోసారి కూడా వస్తుంది. ఎందుకో తెలిస్తే ఆ ప్రయత్నమే మానేస్తాం.

స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్స్ బొమ్మను నేరుగా పిక్సెల్స్‌లో గీయవు. నిలువునా అడ్డంగా 8 రెట్లు కుదించిన ఒక లోపలి రూపంలో గీసి, చివర్లో పెద్దది చేస్తాయి. చెల్లి పంపిన బొమ్మ 1024 పిక్సెల్స్ వెడల్పు. అందులో బోర్డు 400 వెడల్పు, 90 ఎత్తు. అంటే మోడల్‌కి ఆ బోర్డు సుమారు 50 గళ్ల వెడల్పు, 11 గళ్ల ఎత్తు ఉన్న చిన్న పలక. ఒక్కో అక్షరానికి నిలువునా ఐదారు గళ్లు దక్కుతాయి. ‘శ్రీ’లో పైన గుడి దీర్ఘం, కింద క్రావడి రెండూ అందులోనే ఇరకాలి. క్రావడి వాటాకి మిగిలేది ఒకటో రెండో గళ్లు. పైగా మోడల్ నేర్చుకున్నది బోర్డు ఎలా కనిపిస్తుందన్నదే, స్పెల్లింగ్ కాదు. కొత్త మోడల్స్ పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు చాలావరకు సరిగ్గానే వేస్తున్నాయి. మన గుణింతాలు, ఒత్తుల దగ్గర మాత్రం చాలా మోడల్స్ తడబడతాయి.

అందుకే నా పద్ధతి ఒకటే: మోడల్‌తో ఖాళీ బోర్డు గీయించుకోవాలి, అక్షరాలు మనమే టైప్ చేయాలి.

ముందు పిచ్చి అక్షరాలు తీసేయాలి. బోర్డు సాదా రంగైతే దీనికి ఏఐ కూడా అక్కర్లేదు. పక్కనున్న రంగు తీసుకుని మెత్తటి బ్రష్‌తో పూసేస్తే చాలు. చెక్క గీతలు, మరకలు, ఎండ నీడలు ఉంటే అప్పుడు ఇన్‌పెయింట్ వాడాలి. అంటే మాస్క్ వేసినంత మేర మాత్రమే మళ్లీ గీయించడం. ఇక్కడ చాలామంది అక్షరాల మీద మాత్రమే మాస్క్ పూస్తారు. అంచుల్లో ఒక తోకో, ఒక సున్నా ముక్కో మిగిలిపోతుంది. మోడల్ దాన్ని చూసి ‘ఓహో, ఇక్కడేదో రాసుందన్నమాట’ అన్నట్టు మళ్లీ రాసేస్తుంది. కాబట్టి ఫ్రేమ్ లోపలి పలక మొత్తం మాస్క్ చేయండి. ఫ్రేమ్ మాత్రం వదిలేయండి, వంపు కొలత కోసం తర్వాత అది కావాలి.

మీ టూల్‌లో `Masked content` అని ఉంటే `original` బదులు `fill` పెట్టండి. `Denoising strength` 0.9 దగ్గర ఉంచండి. `original` ఉంచి 0.4 పెడితే పాత పిచ్చి అక్షరాలు పోయి కొత్త పిచ్చి అక్షరాలు వస్తాయి, అంతే. ప్రాంప్ట్‌లో ‘no text’ అని రాయకండి. ఆ `text` అనే మాటే అక్షరాల్ని పిలుచుకొస్తుంది. కావాల్సింది ప్రాంప్ట్‌లో, వద్దనేది నెగెటివ్‌లో పెట్టాలి:

```
prompt: blank wooden signboard, plain painted surface,
        watercolor, warm evening light
negative: text, letters, watermark
```

నాలుగు వెర్షన్లు తీసి, శుభ్రంగా ఉన్నది ఉంచుకోండి. ఇప్పుడే, అక్షరాలు పెట్టకముందే, బొమ్మను ఫైనల్ సైజుకి అప్‌స్కేల్ చేయండి. ఈ వరుస తప్పకూడదు. మీరు శుభ్రంగా టైప్ చేసిన అక్షరాలు కూడా ఇంకోసారి మోడల్‌లోంచి వెళ్తే అదే 8 రెట్ల కుదింపులో నలుగుతాయి. పెద్ద అక్షరం తట్టుకోవచ్చు, ఒత్తు మాత్రం ముద్దవుతుంది.

ఇక టైపింగ్. యాప్ ఏదైనా ముందు ‘స్త్రీ’ అని కొట్టి చూడండి. ఒత్తులన్నీ కిందికి దిగి ఒకే అక్షరంగా కుదిరితే సరే. పొల్లులతో ముక్కలుగా విడిపోతే ఆ యాప్‌కి తెలుగు కూర్చడం రాదన్నమాట, వేరే యాప్ చూసుకోండి. కంప్యూటర్‌లో అయితే ఉచితంగా దొరికే జింప్ ఈ పని బాగా చేస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, సూరన్న, రవిప్రకాష్ లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. పిన్ని బోర్డుకి నేను రామభద్ర తీసుకున్నా. లావుగా ఉంటుంది, చేత్తో రాసిన పెయింటర్ బోర్డు పక్కన మరీ ఎబ్బెట్టుగా ఉండదు. వార్తల్లో వాడే సన్నటి ఫాంట్ పెడితే వాటర్‌కలర్ మీద స్టిక్కర్ అంటించినట్టుంటుంది.

అక్షరాలు కావాల్సిన సైజుకి రెండింతలు పెద్దగా టైప్ చేసి, ఆ లేయర్‌కి ఒక కాపీ దాచి, కాపీ కాని దాన్ని `Perspective` టూల్‌తో ఫ్రేమ్ నాలుగు మూలలకి లాగండి. పైన, కింద ఫ్రేమ్ గీతలు ఎటు వాలితే తలకట్ల వరుస కూడా అటే వాలాలి. ‘శ్వ’ ఒత్తు కిందికి దిగుతుంది కాబట్టి లైన్‌ని మధ్యకంటే కొంచెం పైకి పెట్టాలి, లేదంటే ఒత్తు ఫ్రేమ్‌కి తగులుతుంది.

రంగు దగ్గరే అసలు గుట్టు బయటపడుతుంది. అచ్చ నలుపు, అచ్చ తెలుపు వాడితే అతికించిందని చూడగానే తెలిసిపోతుంది. బొమ్మలోనే అన్నిటికంటే ముదురు రంగు, మా బొమ్మలో అది తలుపు నీడలోని గోధుమ రంగు, దాన్ని తీసుకుని అక్షరాలకి వేశా. లేయర్ మోడ్ `Multiply` చేస్తే కింది చెక్క గీతలు అక్షరాల్లోంచి కనిపిస్తాయి. ఒక పిక్సెల్ బ్లర్ ఇస్తే అంచుల పదును తగ్గుతుంది. బోర్డు మీదుగా ఒక కరెంటు తీగ పోతోంది. ఇన్‌పెయింట్‌లో అది పోయింది కాబట్టి అక్షరాల పైన ఇంకో లేయర్‌లో మళ్లీ గీశా. ‘వెం’ మీదుగా ఆ సన్నటి గీత పడగానే అక్షరాలు నిజంగా బోర్డు మీదికి వెళ్లి కూర్చున్నాయి.

పెద్ద బోర్డు అయ్యాక అందరూ మర్చిపోయేది మిగతా రాతలు. మా బొమ్మలో ఆటో నంబర్ ప్లేటు, వెనక షాపు బోర్డు, లోపల గోడ మీద ధరల పట్టిక ఉన్నాయి. అన్నీ టైప్ చేయక్కర్లేదు. వెనక బోర్డుని నాలుగు బ్రష్ గీతలుగా మార్చేశా, దూరంగా ఉన్నదాన్ని పెయింటర్ కూడా అలాగే వేస్తాడు. నంబర్ ప్లేటు ఖాళీ చేశా. ధరల పట్టిక మాత్రం వదిలేయడానికి లేదు. ఇడ్లీ పక్కన 8లాగో 3లాగో కనిపించే గీత ఉంటే కౌంటర్ దగ్గర గొడవ పడేది పిన్నే. అందుకే దాన్ని పూర్తిగా చెరిపించి, ధరలు, ఫోన్ నంబరు బొమ్మ కింద విడి పట్టీలో మామూలుగా టైప్ చేశాం.

ఫ్లెక్సీ షాపుకి లేయర్ల ఫైల్ పంపకండి. అక్కడ ఎక్కువగా అను ఫాంట్లతో పని చేస్తారు, మీ యూనికోడ్ ఫాంట్ వాళ్ల సిస్టమ్‌లో లేకపోతే పేరు మళ్లీ చెదిరిపోతుంది. అన్నీ కలిపేసిన `PNG` పంపండి. ప్రింట్ కొట్టే ముందు వాళ్ల స్క్రీన్ ఫొటో ఒకటి తెప్పించుకుని, బొమ్మ చేసినవాళ్లు కాకుండా ఇంకొకరి చేత పేరు, నంబరు అక్షరం అక్షరం పైకి చదివించండి.