హద్దురాళ్లు ఎక్కడ పాతాలి?

ప్యారలల్ సార్టింగ్ అనగానే మనలో చాలామంది చేసేది ఒకటే. డేటాను పదహారు ముక్కలు చేసి, పదహారు థ్రెడ్‌లకు ఇచ్చి, ఎవరి ముక్కను వాళ్లు సార్ట్ చేశాక జతలు జతలుగా మెర్జ్ చేసుకుంటూ వస్తాం. rand() తో తెచ్చిన అంకెల మీద రన్ చేసి, ఒక గ్రాఫ్ గీసి రికార్డులో అతికిస్తాం. సంతకం పడుతుంది, వైవా అయిపోతుంది. ఈ పద్ధతి తప్పని నేను అనను. కానీ అసలు కష్టం ఎక్కడుందో ఇది మనకు కనబడనివ్వదు. ప్యారలల్ సార్టింగ్‌లో గట్టి ప్రశ్న "ఎలా సార్ట్ చేయాలి" అన్నది కాదు, "ఎక్కడ విడగొట్టాలి" అన్నది. ఈ మాట ఎందుకంటున్నానో లెక్క వేసి చూపిస్తాను.

మన దగ్గర 1.6 కోట్ల అంకెలు, 16 కోర్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో కోర్‌కు 10 లక్షలు వస్తాయి. 10 లక్షల అంకెల్ని సార్ట్ చేయడానికి ఒక్కోదానికి సుమారు 20 పోలికలు, అంటే దాదాపు 2 కోట్ల పోలికలు. పదహారు కోర్లూ ఈ పని ఒకేసారి చేస్తాయి కాబట్టి ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మెర్జ్ మొదలవుతుంది. మొదటి మెట్టులో 8 కోర్లు పనిచేస్తాయి, 8 ఖాళీ. తర్వాత 4, ఆ తర్వాత 2. చివరి మెట్టులో ఒక్క కోర్ మొత్తం 1.6 కోట్ల అంకెల్నీ ఒక్కొక్కటిగా దాటిస్తుంటే మిగతా పదిహేను చూస్తూ కూర్చుంటాయి. నాలుగు మెట్లకూ పట్టే సమయం కలిపితే 20 లక్షలు, 40 లక్షలు, 80 లక్షలు, 1.6 కోట్లు, మొత్తం 3 కోట్ల అడుగులు. సార్ట్ చేయడం కంటే కలపడానికే ఎక్కువ టైం! పెళ్లి వంట పదహారు మంది కలిసి వండి, వడ్డనకు ఒక్కణ్ణే పంపినట్టు.

ఒక్కో మెర్జ్‌ను కూడా ముక్కలు చేసి అన్ని కోర్లతో చేయించే పద్ధతులు ఉన్న మాట నిజమే. ఒకే మెషీన్‌లో, ఒకే మెమరీ మీద అవి బాగా పనిచేస్తాయి. నాలుగు కోర్ల ల్యాప్‌టాప్‌లో అయితే మామూలు మెర్జ్‌తోనే గడిచిపోతుంది. కానీ డేటా వేర్వేరు మెషీన్లలో ఉన్నప్పుడు ఈ చెట్టు పద్ధతి నిలవదు. ప్రతి మెట్టులో సగం డేటా నెట్‌వర్క్ దాటాలి, చివరికి అంతా ఒకే మెషీన్‌లో పట్టాలి. ఒక మెషీన్‌లో పట్టేదే అయితే ఇన్ని మెషీన్లు ఎందుకు తెచ్చుకున్నట్టు?

రెండో దారిలో ముందే హద్దులు గీసేస్తాం. ఈ విలువ వరకు మొదటి మెషీన్‌ది, అక్కణ్ణుంచి ఇక్కడిదాకా రెండోదానిది, ఆపైన మూడోదానిది. ప్రతి అంకె తన హద్దులో ఉన్న మెషీన్‌కు ఒక్కసారే ప్రయాణం చేస్తుంది. అక్కడ ఎవరి వాటాను వాళ్లు సార్ట్ చేసుకుంటే చాలు, మళ్లీ కలపక్కర్లేదు. మొదటి మెషీన్ జవాబు, దాని వెనక రెండోదాని జవాబు, దాని వెనక మూడోదానిది, వరసగా పెడితే పని పూర్తయినట్టే. ఏ అంకె ఎక్కడికి పోవాలో తేల్చడానికి ఒక బైనరీ సెర్చ్ సరిపోతుంది:

```python
from bisect import bisect_left
haddulu = [8, 21]
bucket = bisect_left(haddulu, x)   # 0, 1 లేదా 2
```

కోడ్‌లో ఇంతకంటే ఏమీ లేదు. కానీ ఆ 8, 21 ఎక్కడి నుంచి వచ్చాయి? నా వాదనంతా ఆ రెండు అంకెల గురించే.

తేలికగా తట్టే ఉపాయం విలువల్ని సమానంగా కోయడం. 0 నుంచి 99 వరకు ఉంటే 33 దగ్గర ఒక రాయి, 66 దగ్గర ఒక రాయి. rand() డేటా మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే rand() అన్ని విలువల్నీ సమానంగా చల్లుతుంది. నిజం డేటా అలా ఉండదు. మీ క్లాస్ అటెండెన్స్ రిజిస్టర్ తెరిచి ఇంగ్లిష్ అక్షరాల వారీగా పేర్లు లెక్కపెట్టండి. సాయి, శ్రీ, సురేష్, సంధ్య అంటూ S దగ్గర బారు కడతారు. Q, X దగ్గర ఎవరుంటారు? 26 అక్షరాల్ని 26 మెషీన్లకు పంచితే S మెషీన్ రొప్పుతూ ఉంటుంది, X మెషీన్ నిద్రపోతుంది. పని మొత్తం పూర్తయ్యేది S మెషీన్ పూర్తిచేసినప్పుడే.

చిన్న డేటా తీసుకుని చేత్తో చేసి చూద్దాం. మూడు మెషీన్లు, ఒక్కోదానిలో తొమ్మిది అంకెలు. ఎవరివి వాళ్లు ముందే సార్ట్ చేసుకున్నారు:

```
A:  3  5  7  8 12 15 24 41 90
B:  2  4  6  9 11 14 21 33 72
C:  1 10 13 16 18 20 27 55 99
```

33, 66 దగ్గర కోస్తే మొదటి బకెట్‌లో 22, రెండోదానిలో 2, మూడోదానిలో 3 పడతాయి. సగటున 9 రావాల్సిన చోట 22. మూడు మెషీన్లు ఉన్నా దాదాపు ఒక్కటే పనిచేసినట్టు.

ఇప్పుడు డేటానే అడుగుదాం. ప్రతి మెషీన్ తన వరసలోంచి 1, 4, 7 స్థానాల్లో ఉన్న మూడు అంకెల్ని శాంపిల్‌గా పంపుతుంది. A నుంచి 3, 8, 24. B నుంచి 2, 9, 21. C నుంచి 1, 16, 27. ఈ తొమ్మిదింటినీ ఒకచోట సార్ట్ చేస్తే 1, 2, 3, 8, 9, 16, 21, 24, 27. వీటిలో నాలుగోది, ఏడోది మన హద్దురాళ్లు: 8, 21. ఇప్పుడు 8 వరకు ఉన్నవి 8, ఆపైన 21 వరకు ఉన్నవి 11, మిగిలినవి 8. డేటా అదే, మెషీన్లు అవే. రాళ్లు జరిపాం, అంతే.

ఈ పద్ధతిని రెగ్యులర్ శాంప్లింగ్ అంటారు. షి, షాఫర్ అనే ఇద్దరు 1992లో దీని మీద పేపర్ ప్రచురించారు. శాంపిల్ చూసి విడగొట్టడం అనే ఆలోచన అంతకంటే పాతది, 1970లోనే ఫ్రేజర్, మెక్‌కెల్లర్ శాంపిల్‌సార్ట్ పేరుతో రాశారు. రెగ్యులర్ శాంప్లింగ్‌లో నాకు నచ్చేది దాని హామీ. విలువలన్నీ వేర్వేరుగా ఉండి, డేటా మెషీన్ల సంఖ్య ఘనం కంటే తక్కువ కాకపోతే, డేటా ఎంత వంకరగా ఉన్నా ఏ మెషీన్‌కూ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ రాదు. దీనికీ ఖరీదుంది. 16 కోర్లకు 256 శాంపిల్స్ అంటే ఏమీ కాదు గానీ, 1000 మెషీన్లకు 10 లక్షల శాంపిల్స్ ఒకచోట చేరాలి. అందుకే పెద్ద సిస్టమ్‌లు హామీని కొంచెం వదులుకుని, అక్కడక్కడా తీసిన శాంపిల్స్‌తో సరిపెట్టుకుంటాయి. 2008లో యాహూ వాళ్లు హడూప్ మీద 910 మెషీన్లతో ఒక టెరాబైట్ డేటాను 209 సెకన్లలో సార్ట్ చేశారు. అంటే వంద బైట్ల రికార్డులు 1000 కోట్లు. ఆ టెరాసార్ట్ ప్రోగ్రామ్ కూడా అసలు పనికి ముందు కొన్ని కీలను శాంపిల్ తీసి, హద్దుల్ని `_partition.lst` అనే ఫైల్‌లో రాసుకుంటుంది. కోడ్‌లో డిఫాల్ట్‌గా ఉన్న శాంపిల్ లక్ష కీలు. 1000 కోట్లలో లక్ష అంటే లక్షకు ఒకటి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకుని చూడటమే.

కానీ గిన్నె అడుగున మాడి, పైన పలుకుగా ఉంటే ఒక మెతుకుతో తెలియదు. డేటా తేదీల వరసలో వచ్చినప్పుడు మొదటి ఫైల్ ఒక్కటే చూసి హద్దులు గీస్తే అన్నీ పాత తేదీల దగ్గరే పడతాయి, కొత్త తేదీలన్నీ చివరి మెషీన్ నెత్తిన పడతాయి. శాంపిల్ అన్ని చోట్ల నుంచీ రావాలి.

ఇంతకంటే మొండి ఇబ్బంది ఒకే విలువ మళ్లీ మళ్లీ రావడం. 10 లక్షల మంది ఇంటర్ మార్కుల్ని పది మెషీన్ల మీద సార్ట్ చేస్తున్నామనుకోండి. పాస్ మార్కు 35 దగ్గర ఎంత గుంపు ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ 2 లక్షల మంది ఉన్నారని ఊహిద్దాం. సగటు లక్ష. హద్దు ఎక్కడ గీసినా 35 అనే విలువను మధ్యకు చీల్చలేం కదా, కాబట్టి ఒక మెషీన్‌కు 2 లక్షలు తప్పవు. ఎన్ని శాంపిల్స్ తీసినా ఇది పోదు. దీన్ని పసిగట్టడం కష్టం కాదు. హద్దుల జాబితాలో 35, 35 అని ఒకే విలువ రెండుసార్లు కనబడుతుంది. లేదా రన్ చేసినప్పుడు తొమ్మిది టాస్కులు అయిపోయి ఒక్కటి మాత్రం వేలాడుతూ ఉంటుంది. మందు కూడా ఉంది. మార్కు ఒక్కటే కాకుండా మార్కు, మెషీన్ నంబర్, వరసలో స్థానం, ఈ మూడింటినీ కలిపి పోల్చాలి. అప్పుడు ఏ రెండు రికార్డులూ సమానం కావు, 35ల గుంపు మధ్యలో కూడా రాయి పాతొచ్చు. అయితే ఒకే మార్కు వాళ్లందరూ ఒకే మెషీన్‌లో ఉండాలని తర్వాతి పని కోరుకుంటే ఈ మందు వాడకూడదు. స్పార్క్ రేంజ్ పార్టిషనింగ్‌లో సమానమైన కీలు విడిపోవు. హద్దుల్లో ఒకే విలువ మళ్లీ వస్తే దాన్ని వదిలేస్తుంది కాబట్టి, మీరు అడిగినదానికంటే తక్కువ పార్టిషన్లు రావచ్చు.

ఇదంతా చూశాక మన ల్యాబ్ రికార్డుల గురించి నా అభిప్రాయం ఇది. సమయాల గ్రాఫ్ ఒక్కటే చూసి మార్కులు వేయకూడదు. దాని పక్కన ఇంకో అంకె రాయించాలి: అతి పెద్ద బకెట్‌ను సగటుతో భాగిస్తే వచ్చేది. పైన మన లెక్కలో సమానంగా కోసినప్పుడు అది 22 బై 9, అంటే 2.44. శాంపిల్‌తో 11 బై 9, అంటే 1.22. టైం అనేది మెషీన్‌ను బట్టి, ఆ రోజు ఇంకెవరు లాగిన్ అయ్యారన్నదాన్ని బట్టి మారుతుంది. హద్దులు బాగా గీశామా లేదా అన్నది మాత్రం ఈ అంకె చెబుతుంది. పైగా దీన్ని rand() డేటా మీద ఒకసారి, పేర్ల మీద ఒకసారి, మార్కుల మీద ఒకసారి రాయాలి. మొదటిది ఎలాగూ ఒకటికి దగ్గరగా వస్తుంది. వైవాలో అడగాల్సింది మిగతా రెండింటి గురించి.