సకినాలు కిలో, చార్జీ మూడు కిలోలకు

మొన్న సంక్రాంతికి మా వదిన సకినాలు చేసి ఆన్‌లైన్ల అమ్మింది. పార్సిళ్లు కట్టుడు, లెక్కలు చూసుడు నా పని. పండుగ పొయినంక కొరియర్ బిల్లు చూస్తే లాభం సగం అండ్లనే పొయింది. ఏడ పొయిందో అని కూసొని లెక్క తీసిన. అమ్మే ప్రతి ఊరి పోరనికి గిది ఎరుకుండాలె.

మొదటి దెబ్బ తూకంల పడ్డది. కిలో సకినాలు, డబ్బా కలిపి కిలోంబావు. ఇరిగిపోతయని పెద్ద డబ్బా తెచ్చి చుట్టూ కాయిదాలు కుక్కిన. కొరియరోళ్లు కాంటా ఒక్కటే చూడరు, డబ్బా ఎంత జాగ తింటదో గూడ చూస్తరు. పొడుగు, అడ్డం, ఎత్తు సెంటీమీటర్లల కొలిచి, మూడింటిని గుణించి, మామూలుగ 5000తోని భాగిస్తరు. వచ్చిన అంకె కిలోలు. దాంట్ల, కాంటా తూకంల ఏది ఎక్కువైతే దానికే చార్జి.

నా డబ్బా లెక్క గిది:

30 × 25 × 20 ÷ 5000 = 3 కిలోలు

చార్జి అరకిలో మెట్లల పెరుగుతది. మాటవరసకు మొదటి అరకిలోకు 50 రూపాయలు, తర్వాత ప్రతి అరకిలోకు 40 అనుకుందాం. కిలోంబావు అంటే మూడు మెట్లు, 130 రూపాయలు. మూడు కిలోలంటే ఆరు మెట్లు, 250. నేను కొనేటోళ్ల కాడ 130 తీసుకున్న, మిగిలిన 120 మా జేబుల కెళ్లి పొయింది. తర్వాత 25 × 20 × 14 డబ్బా తెచ్చిన. గది 1.4 కిలోలే, మూడు మెట్లల్నే ఆగింది. సకినాలను ఒకదాని మీద ఒకటి పేర్చి కడితే కాయిదాల పనే లేదు.

రెండోది జోన్. దూరం కిలోమీటర్లల కొలుస్తరనుకున్న, కాదట. పార్సిల్ ఎత్తుకునే పిన్‌కోడ్, దించే పిన్‌కోడ్, ఈ రెండింటి జోడీని బట్టి జోన్ పడ్తది. ఒకే ఊర్లయితే తక్కువ, ఒకే రాష్ట్రమైతే కొంచెం ఎక్కువ. పెద్ద నగరం నుంచి పెద్ద నగరానికి ఒక రేటు, మిగిలిన దేశానికి ఇంకో రేటు, ఈశాన్యం, కశ్మీర్ అసొంటి జాగలకు అన్నిటికన్న ఎక్కువ. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పంపితే నగరాల రేటు. మా మండలం నుంచి అదే ఢిల్లీకి పంపితే "మిగిలిన దేశం" రేటు. మా పార్సిల్ గూడ హైదరాబాద్ పొయ్యే అక్కడ బండి ఎక్కుతది. అంటే మేము ఎక్కువ కట్టేది మా ఊరికీ పట్నానికీ నడుమ ఉన్న ఆ కొంచెం తొవ్వకే. అందుకే ఢిల్లీ, ముంబై ఆర్డర్లు ఎక్కువుంటే అన్నీ కలిపి పట్నంల ఉన్న దోస్తుకు పంపి, ఆడికెళ్లి బుక్ చేస్తే మిగుల్తది. రెండు మూడు పార్సిళ్ల కోసమైతే బస్సు ఖర్చుకే సరిపోతది.

మూడోది అసలు కోపం వచ్చేది. ఒక తండా తమ్ముడు ఆర్డర్ పెట్టిండు. డబ్బులు కట్టేటప్పుడు పిన్‌కోడ్ కొడితే "డెలివరీ ఉంది" అని పచ్చగ చూపెట్టింది. వారం తర్వాత పార్సిల్ వాపస్ వచ్చింది. "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసిండ్రు. ఆ పిలగాడు మూడు రోజులు ఇంట్లనే ఎదురుచూసిండట. పొయ్యేటి చార్జి, వచ్చేటి చార్జి రెండూ మా మీదనే పడ్డయి. సకినాలు పిండయినయి.

గిట్ల ఎందుకైతదంటే, ఆ వెబ్‌సైట్ మన ఊరి పేరు చదువది. ఆరంకెలను కొరియరోళ్లు ఇచ్చిన లిస్టుతోని పోల్చి చూస్తది, అంతే. పిన్‌కోడ్ 1972ల వచ్చింది, పోస్టాఫీసుల కోసం. ఒక్క కోడ్ కింద మండల కేంద్రం ఉంటది, చుట్టున్న ఊర్లు, తండాలు గూడ ఉంటయి. పోస్టుమ్యాన్ అన్నిటికీ పోతడు. కొరియర్ పోరడు మాత్రం మండలం దాటడు, లిస్టుల ఆ కోడ్‌కు "ఉంది" అనే ఉంటది. ఇంకోటి, డబ్బులు ముందు కట్టే పార్సిల్‌కు, ఇంటికొచ్చినంక కట్టేదానికి లిస్టు వేర్వేరు. ఒకదానికి "ఉంది" అంటే ఇంకోదానికి ఉన్నట్టు కాదు.

2025ల తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్ గూడ దాంట్ల పనిచేసింది. దేశాన్ని నాలుగు మీటర్ల గళ్లుగ కోసి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చిండ్రు. తండాల ఇల్లు గూడ దొరుకుతది. కాని ఇల్లు ఏడుందో తెలుసుడు వేరు, ఆడికి మనిషి పోవుడు వేరు. కొరియరోళ్లు లిస్టు మార్చకపోతే ఏ కోడ్ వచ్చినా గదే కథ.

నేనడిగేది ఒక్కటే. ఇంటిదాక రాకుంటే, పైసలు తీసుకోకముందే "మండల కేంద్రంల తీసుకోవాలె" అని రాయుండ్రి. ఆ తమ్ముడు బండేసుకొని వచ్చి తీసుకపోవు. మేమిప్పుడు తండా ఆర్డర్ వస్తే ముందు ఫోన్ చేస్తున్నం, పోస్టాఫీసు నుంచే పంపుతున్నం. రెండు రోజులు లేటయినా ఇంటికి చేరుతున్నది.