జీతంలో కోత తక్కువైతే లాభమేనా? రియాద్, కోపెన్‌హాగన్, ఫ్రాంక్‌ఫర్ట్, డాలస్ లెక్కలు

గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లు చాలా ఏళ్లు ఒక మాట గర్వంగా చెప్పేవారు: "మా దగ్గర ట్యాక్స్ లేదు, జీతం మొత్తం చేతికే." ఆదాయపు పన్ను వరకు ఆ మాట ఈరోజుకీ నిజమే. కానీ సౌదీలో 2018 జనవరిలో 5 శాతం వ్యాట్ వచ్చింది, 2020 జులైలో అది 15 శాతం అయింది. విదేశీ ఉద్యోగి కుటుంబ సభ్యుల మీద 2017 జులైలో నెలకు తలా 100 రియాళ్ల ఫీజు మొదలై, 2020 నాటికి 400కు చేరింది. భార్య, ముగ్గురు పిల్లలు వెంట ఉంటే నెలకు 1,600 రియాళ్లు, ఏడాదికి 19,200. ఈ లెక్క చూసుకునే ఎన్నో కుటుంబాలు పిల్లల్ని హైదరాబాద్ పంపించేశాయి.

అక్కడ మన ఉద్యోగికి సర్కారు పెన్షన్ లేదు, ఉద్యోగం పోతే భృతి లేదు, పిల్లల స్కూల్ ఫీజు ఎక్కువగా జేబులోంచే. ఆ దేశపు సంక్షేమం చమురు డబ్బుతో నడుస్తుంది, అది ప్రధానంగా అక్కడి పౌరులకే. కాబట్టి పన్ను ఎంత అని ఒక్కటే అడిగితే సరిపోదు. కట్టిన డబ్బుకు బదులు ఏం వస్తుంది, ఎవరికి వస్తుంది అని కూడా అడగాలి. ఈ విషయంలో సంపన్న దేశాలు మూడు రకాల దారుల్లో నడుస్తున్నాయని డెన్మార్క్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త ఎస్పింగ్-ఆండర్సన్ 1990లో వర్గీకరించారు. ఆ మూడూ మన ఇళ్లలోని పిల్లలు వెళ్తున్న దేశాలే.

డెన్మార్క్: అందరూ కడతారు, అందరికీ వస్తుంది

డెన్మార్క్‌లో ధనికుల మీద భారీ పన్ను వేసి పేదలకు పంచుతారని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. అక్కడ వ్యాట్ 25 శాతం. బియ్యం, పాలు, పిల్లల బట్టలు అన్నిటికీ అదే రేటు. ఆదాయపు పన్ను కూడా మామూలు ఉద్యోగి మీద గట్టిగానే పడుతుంది. 2025 వరకు సగటు కంటే కాస్త ఎక్కువ జీతం వస్తే చాలు, పై శ్లాబ్ దగ్గరికి చేరిపోయేవారు.

మరి పేదవాడికి అన్యాయం కాదా? ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఇల్లు నెలకు 20,000 ఖర్చు పెడుతుంది, ఇంకో ఇల్లు లక్ష. 25 శాతం చొప్పున మొదటి ఇల్లు 5,000, రెండోది 25,000 కడతాయి. మొత్తం 30,000. ఈ డబ్బుతో ఇద్దరికీ ఒకే ఆస్పత్రి, ఒకే బడి నడిపితే చెరో 15,000 విలువైన సేవ అందినట్టు. చిన్న ఇల్లు 5,000 కట్టి 15,000 పొందింది. అంటే పన్ను రేటు అందరికీ ఒకటే అయినా, ఖర్చు పెట్టే తీరు వల్ల తేడా తగ్గింది.

అయితే ఈ లెక్క ఒక షరతు మీద నిలబడుతుంది. ఆ ఆస్పత్రికి, ఆ బడికి పెద్ద ఇంటివాళ్లు కూడా రావాలి. నాణ్యత పడిపోయి వాళ్లు ప్రైవేటుకు వెళ్లిపోతే, "మాకు పనికిరాని దానికి మేమెందుకు కట్టాలి" అనే మాట మొదలవుతుంది. డెన్మార్క్‌లో ఆస్పత్రి వెయిటింగ్ లిస్ట్ ఎన్నికల అంశం అయ్యేది అందుకే.

జర్మనీ: కట్టినవాడికి హక్కు

జర్మనీ దారి బిస్మార్క్ కాలం నాటిది. 1883లో కార్మికుల ఆరోగ్య బీమా చట్టం వచ్చింది, 1889లో వృద్ధాప్య పెన్షన్ చట్టం. ఇప్పటికీ అక్కడ సంక్షేమంలో పెద్ద భాగం సర్కారు ఖజానా నుంచి కాదు, జీతంలో కోసే బీమా చందాల నుంచి వస్తుంది. పెన్షన్‌కు జీతంలో 18.6 శాతం, సగం ఉద్యోగి, సగం యజమాని. ఆరోగ్యం, నిరుద్యోగం, వృద్ధుల సంరక్షణ కూడా కలిపితే మొత్తం 40 శాతం దాటుతుంది.

బదులుగా వచ్చేది స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్న ఉద్యోగి భార్యకు సంపాదన లేకపోతే, ఆమెకు, పిల్లలకు విడిగా ప్రీమియం లేదు. నలుగురు పిల్లలున్నా అదే చందా. లోపం కూడా ఇక్కడే ఉంది. సరైన ఉద్యోగం లేనివాడికి, మధ్యలో ఏళ్ల తరబడి ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్లకు పెన్షన్ తక్కువ వస్తుంది. పనిచేసేవాళ్లు తగ్గి వృద్ధులు పెరిగేకొద్దీ చందా పెరుగుతూ పోతుంది.

అమెరికా: పన్ను తక్కువ, బిల్లు వేరే

అమెరికాలో దేశమంతటికీ వర్తించే వ్యాట్ లేదు. అక్కడి ఫెడరల్ ఆదాయపు పన్ను భారం ఎక్కువగా పైవర్గం మీదే ఉంటుంది. ఆ ఒక్క విషయంలో అది డెన్మార్క్ కంటే పేదవాడికి దయగా కనిపిస్తుంది. కానీ వసూలయ్యేది తక్కువ కాబట్టి, ఇచ్చేదీ తక్కువ. ప్రభుత్వ వైద్యం ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి. మిగతావాళ్లలో ఎక్కువమందికి కంపెనీ ఇచ్చే బీమానే దిక్కు. 2024లో ఒక కుటుంబానికి ఆ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఎక్కువ భాగం కంపెనీ కడుతుంది. దానికి సర్కారు పన్ను మినహాయింపు ఇస్తుంది. ఈ మినహాయింపు కూడా ప్రజాధనమే. కాకపోతే పెద్ద జీతం, మంచి కంపెనీ ఉన్నవాడికే ఎక్కువ మేలు చేస్తుంది. ఉద్యోగం పోతే ఆ కంపెనీ బీమా కూడా పోతుంది.

మనవాళ్లు చూసుకోవాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. హెచ్-1బీ మీద లక్ష డాలర్ల జీతం ఉంటే సోషల్ సెక్యూరిటీ కింద ఏడాదికి 6,200 డాలర్లు కట్ అవుతాయి, అంతే మొత్తం కంపెనీ కడుతుంది. ఎనిమిదేళ్లకు ఉద్యోగి వాటానే 49,600. కానీ పెన్షన్ హక్కు రావాలంటే మామూలుగా పదేళ్ల చందా ఉండాలి. భారత్‌కు అమెరికాతో ఈ ఏళ్లను కలిపి లెక్కించే ఒప్పందం లేదు. ఎనిమిదేళ్లకు తిరిగొచ్చేస్తే ఆ సొమ్ము మీద పెన్షన్ రాదు. జర్మనీతో మాత్రం 2017 మే నుంచి ఒప్పందం అమల్లో ఉంది. అర్హత చూసేటప్పుడు రెండు దేశాల్లో చందా కట్టిన కాలాన్ని కలుపుతారు.

మరి మన దగ్గర?

తెలంగాణ, ఆంధ్రాల్లో ఆదాయపు పన్ను కట్టేది కొద్దిమందే. జీఎస్టీ, పెట్రోలు మీద వ్యాట్ మాత్రం ఆటో డ్రైవర్ నుంచి అందరూ కడుతున్నారు. అంటే వసూళ్లలో మనం కొంత డెన్మార్క్‌లాగే ఉన్నాం. ఖర్చులో మాత్రం కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లకు ఆదుకుంటోంది, నిజమే. కానీ రోజువారీ డాక్టర్ ఫీజు, టెస్టులు, షుగర్ మందులు చాలా ఇళ్లలో జేబు ఖర్చే. బడి ఫీజూ అంతే. పై లెక్కలో చిన్న ఇల్లు 5,000 కట్టింది కానీ, 15,000 విలువైన సేవ ఇంకా ఇంటికి చేరలేదు.

అందుకే బడ్జెట్ రోజున ఏ పథకానికి ఎంత పెంచారో చూసి ఆగిపోవద్దు. మన బస్తీ దవాఖానాలో డాక్టర్ ఉన్నాడా, సర్కారు బడికి పక్కింటి ఉద్యోగి తన పిల్లల్ని పంపుతున్నాడా అన్నది చూడాలి. విదేశీ ఆఫర్ వచ్చిన పిల్లలు కూడా చేతికొచ్చే జీతం ఒక్కటే చూడకుండా, మూడు ప్రశ్నలు అడగాలి: ఇంట్లోవాళ్ల వైద్యం ఎవరి ఖర్చు? ఉద్యోగం పోతే ఎన్ని నెలలు ఆదరువు? తిరిగొచ్చేస్తే కట్టిన చందా ఏమవుతుంది?