మాట మార్చమన్నారు, ప్రశ్న మార్చమనలేదు

కోయంబత్తూరు పీలమేడులో మా ఇంటి వసారాలో ఐఈఎల్‌టీఎస్‌ రాసే పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఎక్కువమంది తెలుగిళ్ళ పిల్లలే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం రాస్తారు. వాళ్ళందరూ ఎక్కడెక్కడో నేర్చుకుని వచ్చే సూత్రం ఒకటే: వ్యాసం మొదటి పేరాలో ప్రశ్నలోని మాట ఒక్కటి కూడా ఉండకూడదు, ప్రతి మాటకూ పర్యాయపదం పెట్టాలి. ఈ సూత్రం తప్పు. రాసేవాళ్ళకు ఇది చేసే చెరుపు చిన్నది కాదు.

పోయిన నెల మదురై నుంచి వచ్చిన ఒక అమ్మాయికి అభ్యాసం కోసం నేనే ఒక ప్రశ్న ఇచ్చాను. యువతీ యువకులు పని కోసం చిన్న పట్టణాలు వదిలి పెద్ద నగరాలకు వెళ్తే ఆ పట్టణాలు దెబ్బతింటాయని కొందరి అభిప్రాయం, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు అన్నది ప్రశ్న. ఆమె ఏ మాటనూ వదలకుండా మార్చింది. ‘యంగ్ పీపుల్’ను ‘యంగ్‌స్టర్స్’ చేసింది. మన దగ్గర ఆ మాట పాతికేళ్ళవాళ్ళకూ చెల్లుతుంది గానీ, బ్రిటిష్ ఇంగ్లీషులో చదివేవాళ్ళకు ఎక్కువగా చిన్నపిల్లలే తడతారు. ‘స్మాల్ టౌన్స్’ ‘విలేజెస్’ అయింది. ‘లీవ్’ ‘అబాండన్’ అయింది. వెళ్ళడం వేరు, గాలికి వదిలేసి పోవడం వేరు, రెండో దానిలో నింద ఉంది. ‘సమ్ పీపుల్ బిలీవ్’ కాస్తా అందరికీ తెలిసిన నిజంగా మారింది. కొందరి అభిప్రాయం నిజమైపోతే ఇక ఒప్పుకునేదేముంది, కాదనేదేముంది?

నష్టం మొదటి పేరాతో ఆగలేదు. ‘విలేజెస్’ అని రాసిన చెయ్యి రెండో పేరాలో పొలాల గురించీ, కూలీల కొరత గురించీ రాసుకుంటూ పోయింది. పట్టణంలో మూతబడే దుకాణాలు, ఖాళీ అయ్యే అద్దె ఇళ్ళు ఎక్కడా రాలేదు. ఈ పరీక్షలో మార్కులు వేసే నాలుగు కొలతల్లో మొదటిది, అడిగినదానికి జవాబు చెప్పారా అన్నది. పదసంపద ఇంకో కొలత. అక్కడ కూడా మాట ఎంత కొత్తదన్నదే కాదు, ఆ చోట సరిగ్గా అతికిందా అనీ చూస్తారు. ఆమె ఒకదాని కోసం పాకులాడి రెండూ పోగొట్టుకుంది.

మాట మాటకూ జోడీ ఉంటుందన్న నమ్మకం మన ఇళ్ళలో పుట్టినవాళ్ళకైనా ఉండకూడదు. తెలుగులో ‘అవసరం’ అంటే కావలసి రావడం, తమిళంలో తొందర. తెలుగులో ‘తొందర’ అంటే త్వరపడటం, తమిళంలో ‘తొందరవు’ అంటే ఇబ్బంది పెట్టడం. విజయవాడ నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల కొత్తలో కొట్టుకు వెళ్ళి, సంచీ అక్కర్లేదనే ఉద్దేశంతో ‘అవసరం ఇల్లె’ అంది. కొట్టాయన ఆమెకు తొందరేమీ లేదనుకుని, మిగతావాళ్ళకు సరుకులు కట్టాక ఆమెవి సంచీలో పెట్టి ఇచ్చాడు.

మరి మార్చవలసిందేమిటి? వాక్యం కట్టు. ప్రశ్న మూసేసి, ఎవరు, దేని గురించి, ఎంత గట్టిగా, ఏమంటున్నారో పక్కవాళ్ళకు తెలుగులోనో తమిళంలోనో చెప్పాలి. ఆ చెప్పినదాన్ని ఇంగ్లీషులో రాయాలి. అప్పుడు వాక్యం తనంతట తానే వేరే చోట మొదలవుతుంది. ప్రశ్న యువతతో మొదలైతే మన వాక్యం పట్టణంతో మొదలుకావచ్చు: ‘సమ్ ఆర్గ్యూ దట్ స్మాల్ టౌన్స్ ఆర్ హార్మ్‌డ్ వెన్ దెయిర్ యంగ్ పీపుల్ మూవ్ టు బిగ్ సిటీస్ ఫర్ జాబ్స్.’ దాని వెనుకే మన పక్షం ఏమిటో ఒక వాక్యం. మొత్తం 40 నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయాల్సిన చోట ఇంతకు మించి మొదటి పేరాకు ఖర్చు పెట్టకూడదు.

‘స్మాల్ టౌన్స్, యంగ్ పీపుల్ అలాగే ఉన్నాయే, కాపీ అనరా సార్?’ అని ఆ అమ్మాయి అడిగింది. అనరు. ప్రశ్నలోంచి వాక్యాలు వాక్యాలుగా ఎత్తి రాస్తే వాటిని లెక్కలోకి తీసుకోరు, నిజమే. కానీ విషయం పేరు విషయం పేరే. పట్టణాన్ని పట్టణమనక మరేమంటాం? ‘కొందరు’, ‘ఎక్కువ’, ‘మాత్రమే’ లాంటి చిన్న మాటల బరువు కూడా ప్రశ్నలో ఉన్నంతే ఉండాలి. ‘సమ్’ పోయి ‘మెనీ’ వచ్చినా అభిప్రాయం కొలత మారిపోతుంది.

తప్పిందో లేదో తెలియడానికి ఒక పద్ధతి ఉంది. ప్రశ్న చూడని మనిషికి మన మొదటి పేరా ఒక్కటే ఇచ్చి, ప్రశ్న ఏమై ఉంటుందో చెప్పమనాలి. ఆ అమ్మాయి పాత పేరా చదివి తోడుగా వచ్చిన తమ్ముడు, ‘పల్లెల్ని పిల్లలు ఎందుకు వదిలేస్తున్నారు అని అడిగారా అక్కా?’ అన్నాడు. ఆమె కాగితం వెనక్కి తీసుకుని మొదటి వాక్యం కొట్టేసింది.