చుక్క పోతే ఊరు పోయింది

మాది మంథని. పీవీ నరసింహారావు గారు 1957 నుంచి ఇరవయ్యేళ్లు ఎమ్మెల్యేగా ఉన్న ఊరంటే చాలామందికి గుర్తొస్తుంది. అలాంటిది, మా టీం చేసిన తెలుగు యాప్‌లో వెతికితే మా ఊరి ఎంట్రీలు సగం రాలేదు. తీరా చూస్తే ఒకరు మంథని అని, ఇంకొకరు మంధని అని కొట్టారు. మధ్యలో చుక్క ఉంటే థ, లేకపోతే ధ. కంటికి చిన్న చుక్కే, కంప్యూటర్‌కి మాత్రం U+0C25, U+0C27 అనే వేర్వేరు అక్షరాలు.

ఉన్నది ఐదుగురం, ఒక్క పేజీలో రూల్స్ రాసుకుందాం అన్నాను. "అర్థమవుతుంది కదా, అవన్నీ పండితులకి వదిలెయ్" అన్నారు మా లీడ్. ఈ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. మనిషికి అర్థమవుతుందండీ, స్ట్రింగ్ కంపేర్‌కి కాదు. ఇది చూడండి:

```
"సాఫ్ట్‌వేర్" === "సాఫ్ట్వేర్"  // false
```

మొదటిదాంట్లో ట్ తర్వాత కనపడని U+200C ఉంది, రెండోదాంట్లో లేదు. అందుకే పేజీలో మొదటి రూల్: ఇంగ్లీషు మాటల్లో అది ఉంచాలి, వెతికేటప్పుడు కోడ్ దాన్ని రెండు వైపులా తీసేయాలి. థ, ధ తేడాని అలా తీసేయలేం, మాటల అర్థాలే మారిపోతాయి. కాబట్టి ఊరి పేర్లు ఎవరూ చేత్తో కొట్టకూడదు, ఒకే లిస్టు నుంచి రావాలి. 2016లో మా మండలం కరీంనగర్ నుంచి పెద్దపల్లి జిల్లాకి మారింది, ఆ మార్పు కూడా ఆ ఒక్కచోటే చేస్తే చాలు.

అంకెలు 0 నుంచి 9 వరకు మామూలువే. లక్షన్నరని ఒక స్క్రీన్‌లో 150,000 అనీ, ఇంకోదాంట్లో 1,50,000 అనీ చూపించాం. రెండోదే మనది. `Intl.NumberFormat('te-IN')` వాడితే కామా అదే సరిగ్గా పడుతుంది.

ఇక కాపిటల్ లెటర్స్. తెలుగులో లేవు కదా, రూల్ ఎందుకన్నారు. హెడింగ్‌లకి మేం పెట్టిన `text-transform: uppercase` ఇంగ్లీషులో బాగానే కనపడింది, తెలుగులో ఏ మార్పూ లేక హెడింగ్ కూడా మామూలు లైన్‌లా ఉండిపోయింది. అందుకే రూల్: హెడింగ్ అని తెలిసేది అక్షరం సైజుతో, మందంతో. ఇంగ్లీషులో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది.

చివరికి గొడవ పడింది టోన్ దగ్గర. ఇంట్లో నేను "చెయ్యుండ్రి" అనే అంటాను, అది తప్పంటే ఊరుకోను. కానీ ఒకే యాప్‌లో ఒక బటన్ చేయండి, ఇంకోటి చెయ్యండి, మరోటి చేయుము అంటే ముగ్గురు మనుషులు ఒకేసారి మాట్లాడినట్టుంటుంది. చేయండి అని ఎంచుకున్నాం. ఆ పేజీ ఎవరి తెలుగు గొప్పదో తేల్చే తీర్పు కాదు, ఐదుగురు కుదుర్చుకున్న ఒప్పందం. అలా అని పక్క యాసని వెక్కిరించడానికి దాన్ని వాడితే మాత్రం, మొదట చింపేది నేనే.

ఇప్పుడు చెప్పండి, ఇది పండితుల పనా, మన పనా?