చెక్కు ఆగితే కారణం చెప్పాలి

విజయవాడలో ఒకాయన స్థలం అమ్మి, 6 లక్షల రూపాయల చెక్కు తీసుకున్నారనుకుందాం. ఉదయం 11 గంటలకు దాన్ని తన బ్యాంకులో వేశారు. ఆ కాగితం ఇక అక్కడే ఆగిపోతుంది. స్కానర్ దానికి మూడు బొమ్మలు తీస్తుంది: ముందువైపు రెండు, ఒకటి బూడిదరంగు ఛాయల్లో, ఒకటి నలుపు తెలుపులో, వెనకవైపు ఒకటి. ఆ బొమ్మలూ, చెక్కు అడుగున అయస్కాంత సిరాతో అచ్చయిన అంకెలూ క్లియరింగ్‌కు వెళతాయి. చెక్ ట్రంకేషన్ అంటే ఇదే.

2025 అక్టోబరు 4 నుంచి ఈ పని వేగం పెరిగింది. నిర్ణీత వేళల్లో వచ్చిన చెక్కును వచ్చినట్టే పంపాలి. చెక్కు రాసినవారి బ్యాంకు రాత్రి 7 లోగా ఔననో కాదనో తేల్చాలి. ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

మరి ఖాతాలో డబ్బుండీ చెక్కు ఎందుకు తిరిగొస్తుంది? బొమ్మలో సంతకం, అంకెలు స్పష్టంగా లేకపోవడం ఒక కారణం. పేరు గానీ మొత్తం గానీ కొట్టేసి రాయడం ఇంకొకటి. పక్కన సంతకం పెట్టినా చెల్లదు, కొత్త చెక్కు రాయాల్సిందే. మన ఉదాహరణలో కారణం వేరు. 5 లక్షలు, ఆపై చెక్కులకు పాజిటివ్ పేను బ్యాంకులు తప్పనిసరి చేయవచ్చు. అంటే చెక్కు నంబరు, తేదీ, పేరు, మొత్తం రాసినవారే ముందుగా తమ బ్యాంకుకు తెలపాలి. కొన్నాయన ఆ పని మరిచారు. చెక్కు తిరిగొచ్చింది. ఇందులో అమ్మినాయన తప్పేమీ లేదు.

అమెరికాలోని మన పిల్లలకు ఎదురయ్యే చిక్కు మరో రకం. అక్కడ ఫోన్‌తో ఫొటో తీసి చెక్కు డిపాజిట్ చేస్తారు. కాగితం వారి దగ్గరే ఉంటుంది. అదే చెక్కును మరో బ్యాంకులోనూ వేసే వీలుంది కాబట్టి బ్యాంకు సొమ్మును కొన్నాళ్లు ఆపుతుంది. పైగా ఖాతాలో సొమ్ము కనిపించినా చెక్కు పాసైనట్టు కాదు. నకిలీ చెక్కు ఇచ్చి, కొంత వెనక్కి పంపమనే మోసం బతికేది ఆ వ్యవధిలోనే. చెక్కు తిరిగొస్తే పంపిన సొమ్ము డిపాజిట్ చేసినవారి నెత్తినే పడుతుంది.

మన దేశంలో కాగితం బ్యాంకు చేతిలోనే ఉంటుంది. అతినీలలోహిత కాంతిలో పరీక్షించుకునే వీలూ ఉంది. సెటిల్‌మెంట్ అయిన గంటలోపు ఖాతాదారుకు సొమ్ము ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మామూలు జాగ్రత్తలకు లోబడి అనే వెసులుబాటూ ఇచ్చింది. ఆ వెసులుబాటు వాడుకునే బ్యాంకు, ఏ అనుమానంతో, ఎప్పటిదాకా ఆపిందో అదే రాత్రి ఖాతాదారుకు తెలుగులో సందేశం పంపాలి. చెక్కు తిరిగొచ్చినా అంతే. కారణం తెలిస్తే అమ్మినాయన మర్నాడు కొన్నాయనకు ఫోన్ చేసి సరిచేయించుకుంటాడు. తెలియకపోతే కౌంటర్ల చుట్టూ తిరుగుతాడు.